పల్లీ చిక్కీ లేబుల్‌లో లెక్క కుదిరిందా?

ఆహార ప్యాకెట్ వెనుక ఉన్న పోషకాల పట్టిక నిజమా కాదా అన్నది చివరికి ప్రయోగశాలే తేల్చాలి. అయితే ఆ పట్టికలోని అంకెలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నది తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కాగితం, కలం, వంటింటి తూకం, దినుసుల జాబితా ఉంటే చాలు. ఆ అంకెలు దేనికవి విడిగా పుట్టినవి కావు మరి. పల్లీలు ఎంత వేశారో తెలిస్తే కొవ్వు ఎంత ఉండాలో తెలుస్తుంది. కొవ్వు తెలిస్తే కేలరీల్లో పెద్ద భాగం తెలుస్తుంది. సర్వింగ్ బరువును సర్వింగ్‌ల సంఖ్యతో హెచ్చిస్తే ప్యాకెట్ బరువు రావాలి. ఎక్కడైనా ముడి తెగితే కనిపించకుండా పోదు.

ఈ సరిచూపు గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. కేలరీల లెక్క కలవకపోతే ఆ లేబుల్ అబద్ధమన్నది ఒకటి. పదో ఇరవయ్యో శాతం తేడా మామూలే, పట్టించుకోనక్కర్లేదన్నది రెండోది. రెండూ సగం నిజాలే. తేడాకు న్యాయమైన కారణాలు ఉన్నాయి, కానీ ఏ కారణం ఎంత తేడా తేగలదో దానికీ ఒక హద్దు ఉంది. ఇంకో సంగతి, కేలరీల లెక్క చక్కగా కలిసిన లేబుల్ కూడా తప్పు కావచ్చు. ఈ మూడు సంగతులూ తేటపడాలంటే ఒకే వస్తువును మొదటినుంచి చివరిదాకా పట్టిచూడాలి. దినుసులు రెండే కాబట్టి పల్లీ చిక్కీ ఇందుకు బాగా పనికొస్తుంది.

నమూనా లేబుల్

ఏ కంపెనీదీ కాని ఒక నమూనా ప్యాకెట్ తీసుకుందాం. నికర బరువు 200 గ్రాములు. సర్వింగ్ 20 గ్రాములు, అంటే ఒక ముక్క. ప్యాకెట్‌లో 10 సర్వింగ్‌లు. దినుసులు: పల్లీలు 60 శాతం, బెల్లం 40 శాతం. 100 గ్రాములకు ఇచ్చిన విలువలు ఇవి:

- శక్తి: 454 కిలోకేలరీలు
- ప్రోటీన్: 16 గ్రాములు
- కార్బోహైడ్రేట్లు: 53 గ్రాములు
- అందులో చేర్చిన చక్కెరలు: 35 గ్రాములు
- మొత్తం కొవ్వు: 25 గ్రాములు

మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఈ వరుసలతో పాటు సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కొలెస్ట్రాల్, సోడియం కూడా ఇవ్వాలి. ఒక్కో సర్వింగ్ రోజువారీ అవసరంలో ఎంత శాతమో చెప్పాలి. ఆ శాతాలకు ఆధారం 2000 కిలోకేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల చేర్చిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం. తప్పనిసరి జాబితాలో పీచుపదార్థం లేదు. ఈ లోటు మనకు కాసేపట్లో అడ్డుపడుతుంది.

ముందు బరువు

అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇది, అయినా చాలామంది దీన్ని దాటేసి నేరుగా కేలరీల దగ్గరికి వెళ్తారు. 100 గ్రాముల పదార్థంలో ప్రోటీన్, కార్బోహైడ్రేట్లు, కొవ్వు కలిపి 100 దాటకూడదు. దాటకపోతే సరిపోదు, తేమకూ ఖనిజాలకూ కొంత చోటు మిగలాలి. మన లేబుల్‌లో 16, 53, 25 కలిపితే 94. మిగిలిన 6 గ్రాములు ముదురు పాకంతో చేసిన పొడి తినుబండారానికి తగినవే. ఇదే మొత్తం 99 వచ్చి ఉంటే అనుమానించాలి, ఎందుకంటే పల్లీ, బెల్లాల ఖనిజాలకే సుమారు రెండు గ్రాములు పోతాయి. 80 వచ్చినా అనుమానించాలి, 20 శాతం తేమ ఉన్న చిక్కీ ముక్క విరిచినప్పుడు టక్కుమనదు, సాగుతుంది.

సర్వింగ్‌ల లెక్క కూడా ఇప్పుడే చూసేయాలి. 20 గ్రాములు, 10 సర్వింగ్‌లు, 200 గ్రాములు, కాగితం మీద కుదిరింది. కానీ లేబుల్ ఒక ముక్కనే సర్వింగ్ అంటోంది కాబట్టి ముక్కను తూచాలి. ప్యాకెట్‌లో ఎనిమిదే ముక్కలుండి ఒక్కోటి 25 గ్రాములు తూగితే, తినేవాడికి ప్రతి ముక్కతోనూ లేబుల్ చెప్పినదానికంటే నాలుగో వంతు ఎక్కువ అందుతుంది. పట్టికలో ఒక్క అంకె కూడా తప్పు కాకుండానే జరిగే పొరపాటు ఇది. అచ్చు మార్చిన తయారీదారు లేబుల్ మార్చడం మరిచిపోతే ఇలా అవుతుంది.

కేలరీల లెక్క, దాని హద్దులు

అమెరికాలోని కనెటికట్‌లో పనిచేసిన రసాయనవేత్త విల్బర్ ఆట్‌వాటర్ పంతొమ్మిదో శతాబ్దం చివర చేసిన పరిశోధనల నుంచి మనకు దక్కిన కొలత ఇది. గ్రాము ప్రోటీన్‌కు 4, గ్రాము కార్బోహైడ్రేట్‌కు 4, గ్రాము కొవ్వుకు 9 కిలోకేలరీలు. ఆహారాన్ని మండిస్తే వచ్చే వేడిలోంచి మల మూత్రాల్లో పోయే భాగాన్ని తీసేసి, రకరకాల ఆహారాలకు సగటు కట్టి గుండ్రం చేసిన అంకెలివి.

మన చిక్కీకి వేస్తే ప్రోటీన్ నుంచి 64, కార్బోహైడ్రేట్ల నుంచి 212, కొవ్వు నుంచి 225, మొత్తం 501. లేబుల్ 454 అంటోంది. 47 కిలోకేలరీలు తక్కువ. ఇక్కడే ఆగి తప్పని తీర్పు చెప్పకూడదు, సరేలే అని వదిలేయనూ కూడదు. తేడాకు కారణం కాగలవాటిని ఒక్కోటి తీసుకుని, ఏది ఎంతవరకు మోయగలదో చూడాలి.

మొదటిది పీచు. కార్బోహైడ్రేట్లను చాలాసార్లు నేరుగా కొలవరు. వందలోంచి తేమ, ఖనిజాలు, ప్రోటీన్, కొవ్వు తీసేయగా మిగిలినదంతా కార్బోహైడ్రేట్ కింద రాస్తారు. అందులో పీచు కూడా ఉంటుంది. పీచుకు గ్రాముకు 4 కిలోకేలరీలు ఇవ్వడం న్యాయం కాదు. యూరప్ నిబంధనలు 2 ఇస్తాయి, కొందరు సున్నా కడతారు. పల్లీల్లో పీచు వందకు సుమారు 10 గ్రాములు. 60 శాతం పల్లీలున్న చిక్కీలో అది 6 గ్రాముల చిల్లర. పీచుకు ఏమీ ఇవ్వకపోయినా తగ్గేది 25 కిలోకేలరీలే. 501 కాస్తా 476 అవుతుంది. ఇంకా 22 మిగిలే ఉంది. పీచు సాకుకు హద్దు అక్కడితో అయిపోయింది. లేబుల్ మీద పీచు వరుస ఉంటే ఈ లెక్క ఊహతో పనిలేకుండా తేలిపోయేది.

రెండోది గుణకాలు. 4, 9, 4 అన్నవి సగటులు కాబట్టి ఒక్కో ఆహారానికి వేరే గుణకాలు కూడా ఉన్నాయి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో పచ్చి పల్లీలకు 567 కిలోకేలరీలు అని కనిపిస్తుంది. అదే పట్టికలోని ప్రోటీన్, కొవ్వు, కార్బోహైడ్రేట్లకు 4, 9, 4 వేసి చూస్తే 611 వస్తుంది. ఎవరూ తప్పు చేయలేదు. ఆ పట్టిక పల్లీ ప్రోటీన్‌కు 3.47, కొవ్వుకు 8.37 చొప్పున కడుతుంది. ఈ పద్ధతిలో ఒక్క పల్లీల మీదే ఏడు శాతం దాకా తేడా వస్తుంది. మన లేబుల్ ఆ దారిలో కట్టి ఉంటే తేడాలో కొంత సమర్థించుకోవచ్చు. అప్పుడు తయారీదారును ఏ గుణకాలు వాడారని అడిగితే జవాబు ఒక్క ముక్కలో రావాలి.

మూడోది గుండ్రం చేయడం. 16 అన్నది 15.5 కావచ్చు, 16.4 కావచ్చు. అటు ప్రోటీన్, ఇటు కార్బోహైడ్రేట్లు చెరో అర గ్రాము అటూఇటూ అయితే రెండేసి కిలోకేలరీలు, కొవ్వు అర గ్రాము మారితే నాలుగున్నర. అన్నీ ఒకే వైపు జరిగినా తొమ్మిదికి మించదు.

వీటన్నిటికీ బయట ఉన్న నాలుగో కారణం ఒకటి ఉంది. మన లేబుల్‌కు అసలు జవాబు అదే.

పాకంలో ఆవిరైన నీరు

ఇప్పుడు లేబుల్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్దాం. 600 గ్రాముల పల్లీలు, 400 గ్రాముల బెల్లం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల పల్లీల్లో, అంకెలు గుండ్రం చేసి చెబితే, ప్రోటీన్ 24, కొవ్వు 40, పీచు కాకుండా కార్బోహైడ్రేట్లు 17, పీచు 10 గ్రాములు. బెల్లంలో కార్బోహైడ్రేట్లు 85, ప్రోటీన్ 2 గ్రాములు. ఆ పుస్తకంలో శక్తిని కిలోజౌళ్లలో ఇస్తారు కాబట్టి 4.184తో భాగించి చూడాలన్నది గుర్తుంచుకోవాలి. ఆ అంకెనే కేలరీలనుకుంటే లెక్క నాలుగింతలు అవుతుంది.

కలిపితే మొత్తం ప్రోటీన్ 152 గ్రాములు, కొవ్వు 240, కార్బోహైడ్రేట్లు 442, పీచు 60. పీచును వదిలేస్తే మొత్తం శక్తి 4536 కిలోకేలరీలు.

దీన్ని దేనితో భాగించాలి? పొయ్యి మీదికి వెళ్లింది 1000 గ్రాములు. కానీ పల్లీలు వేగినప్పుడు తేమ పోతుంది. బెల్లం ముదురు పాకం అయ్యేసరికి, కరగడానికి పోసిన నీళ్లతో పాటు బెల్లంలో ఉన్న తేమలోనూ చాలా భాగం పోతుంది. పళ్లెంలో పరిచింది తూస్తే 950 గ్రాములే ఉందనుకుందాం. ఆవిరైంది నీరే, ప్రోటీన్, కొవ్వు ఎక్కడికీ పోలేదు. కాబట్టి భాగించాల్సింది 950తో. అప్పుడు వంద గ్రాములకు ప్రోటీన్ 16, కొవ్వు 25.3, పీచుతో కలిపి కార్బోహైడ్రేట్లు 52.8. లేబుల్ మీద ఉన్న అంకెలివే. శక్తి మాత్రం పీచుకు సున్నా కట్టినా 477 రావాలి.

అదే 4536ను 1000తో భాగిస్తే? 454. లేబుల్ మీద ఉన్నది సరిగ్గా అదే.

అంటే పోషకాల మూడు వరుసలూ తయారైన సరుకువి, కేలరీల వరుస పచ్చి దినుసులది. పోషకాలు ల్యాబ్ రిపోర్టు నుంచి, కేలరీలు పాత రెసిపీ కాగితం నుంచి ఎత్తి రాసినప్పుడు ఇలాంటి అతుకు పడుతుంది. ఇందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఊళ్లలో స్వయం సహాయక సంఘాలు చేసే చిక్కీలు, సున్నుండలు, రాగి లడ్డూల లేబుళ్లు సరిచూసేటప్పుడు నేను మొట్టమొదట అడగమనేది ఇదే: చివరి బరువు తూచారా?

తూచడంలోనూ ఒక మెలకువ ఉంది. పోయిన బరువంతా ఒకటి కాదు. ఆవిరైన నీరు పోషకాలను వదిలి పోతుంది, అందువల్ల మిగిలినదాంట్లో అవి చిక్కబడతాయి. గిన్నెకు అంటుకున్న పాకం, ముక్కలు కోసినప్పుడు రాలిన అంచులు మాత్రం పోషకాలతో సహా పోతాయి, వాటివల్ల వందకు ఇంత అన్న లెక్క మారదు. అందుకే గిన్నెకు అంటుకున్నది కూడా కలిపి, కోయకముందే తూచాలి. 30 గ్రాముల అంచులు తీసేశాక తూచి 920తో భాగిస్తే అన్ని విలువలూ లేనిపోని మూడు శాతం పెరుగుతాయి. పల్లీల పొట్టు తీసి చెరిగేస్తే ఆ బరువు మొదట్లోనే తగ్గించుకోవాలి. ఇక్కడ పొట్టుతోనే వేశామనుకుని లెక్క కట్టాను.

కేలరీలు పట్టుకోలేని తప్పు

ఇంకో లేబుల్ ఊహించుకుందాం. అదే 60 శాతం పల్లీలు, అదే 25 గ్రాముల కొవ్వు, కానీ ప్రోటీన్ 22, కార్బోహైడ్రేట్లు 47. శక్తి 501. కేలరీల లెక్క అణువంత తేడా లేకుండా కుదిరింది. బరువూ 94 గ్రాములే. అయినా ఆ లేబుల్ తప్పు. ప్రోటీన్‌కూ కార్బోహైడ్రేట్‌కూ గుణకం ఒకటే కాబట్టి ఒకదాంట్లోంచి ఆరు గ్రాములు తీసి ఇంకోదాంట్లో వేస్తే కేలరీలకు తెలియదు. ప్రోటీన్ పేరు చెప్పి అమ్మే తినుబండారాల్లో చూడాల్సిన చోటు ఇది.

దీన్ని పట్టించేవి దినుసులు. ఒక్కో దినుసుకు ఒక్కో సాక్షి పోషకం ఉంటుంది. చిక్కీలో కొవ్వంతా దాదాపు పల్లీల నుంచే, చేర్చిన చక్కెరంతా బెల్లం నుంచే వస్తుంది. మొత్తం పల్లీలే తిన్నా వందకు 24 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. అలాంటిది 40 శాతం బెల్లం కలిపాక 22 ఎలా వస్తుంది? వేరే ప్రోటీన్ పొడి ఏదైనా కలిపి ఉండాలి, కలిపితే దినుసుల జాబితాలో కనిపించాలి.

ఇదే సూత్రాన్ని తిరగేసి కూడా వాడవచ్చు. పల్లీలు 60 శాతమని రాసిన ప్యాకెట్ మీద కొవ్వు 15 గ్రాములని ఉంటే, 15ను 40తో భాగిస్తే పల్లీల వాటా 37 శాతం దగ్గర తేలుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది: పల్లీల్లో కొవ్వు ఎప్పుడూ 40 ఉంటుందా? ఉండదు. అమెరికా పట్టిక 49 అంటుంది. రకం, నేల, గింజ పక్వం బట్టి అది మారుతుంది. అందుకే ఒకే అంకెను నమ్ముకోకుండా రెండు కొసలా లెక్క కట్టాలి. 49తో భాగిస్తే వాటా ఇంకా దిగి 31 శాతమవుతుంది. ఏ కొసన చూసినా 60 రాదు కాబట్టి అనుమానం గట్టిది. కొవ్వు 23 అని ఉండి వాటా 47కూ 58కూ మధ్య తేలితే మాత్రం తొందరపడి ఏమీ అనకూడదు.

చేర్చిన చక్కెర వరుసకూ ఇంతే. 400 గ్రాముల బెల్లంలోని 340 గ్రాముల కార్బోహైడ్రేట్లలో దాదాపు అంతా చక్కెరే. 950తో భాగిస్తే వందకు 35 దగ్గర రావాలి. బెల్లంతో చేశామని గొప్పగా చెప్పుకుంటూ చేర్చిన చక్కెర దగ్గర సున్నా వేసిన పట్టిక ఈ ఒక్క లెక్క ముందు నిలవదు.

సర్వింగ్ దగ్గర మసకబారే అంకెలు

సర్వింగ్ విలువలు వంద గ్రాముల విలువల్లో ఐదో వంతు. 4, 9, 4 గుణకాలతో వచ్చిన 501 ప్రకారం మన చిక్కీ ముక్కకు 100 కిలోకేలరీలు, 5 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల చేర్చిన చక్కెర. శాతాల్లో చెబితే శక్తి 5, కొవ్వు 7.5, చేర్చిన చక్కెర 14. కేలరీల శాతం కంటే చక్కెర శాతం మూడింతలు ఉండటం బెల్లం తినుబండారంలో సహజమే. అది అలా లేకపోతేనే ఆరా తీయాలి.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు కొనే చిక్కీ ప్యాకెట్ మీద అక్కడి నిబంధనల పట్టిక ఉంటుంది. అక్కడ విలువలు ప్రధానంగా సర్వింగ్‌కే ఇస్తారు, గుండ్రం చేయడం కూడా ఎక్కువ. 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి, 5 దాటిన కొవ్వును దగ్గరి గ్రాముకు సరిచేస్తారు. అర గ్రాము లోపు కొవ్వును సున్నా అని రాయవచ్చు. అందువల్ల సర్వింగ్‌కు 100 అన్నది 95 నుంచి 104 దాకా ఏదైనా కావచ్చు. పోషకాల వరుసల్లోని గుండ్రం కూడా కలిపితే, ఏ తప్పూ లేకుండానే సర్వింగ్‌కు పన్నెండు, పదమూడు కిలోకేలరీల తేడా కనిపించవచ్చు. దాన్ని 10 సర్వింగ్‌లతో హెచ్చిస్తే ప్యాకెట్ మీద 130 అవుతుంది. కాబట్టి వంద గ్రాముల విలువలు ఉన్నచోట లెక్క వాటితోనే మొదలుపెట్టాలి. సర్వింగ్ నుంచి ప్యాకెట్‌కు ఎక్కడం కంటే ప్యాకెట్ నుంచి సర్వింగ్‌కు దిగడమే మేలు.

అక్కడి చట్టంలో ఇంకో మాట ఉంది. పరీక్షలో తేలిన కేలరీలు, కొవ్వు, చక్కెర, సోడియం లేబుల్ మీద రాసినదానికి 20 శాతానికి మించి ఎక్కువ ఉండకూడదు. మొదట చెప్పిన రెండో పక్షం వాదన దీన్ని ఆసరా చేసుకున్నదే. అయితే ఆ వెసులుబాటు ఇచ్చింది పంట పంటకూ మారే గింజకూ లేబుల్‌కూ మధ్య తేడా కోసం. ఒకే పట్టికలోని రెండు వరుసల మధ్య తేడా కోసం కాదు. మన నమూనా లేబుల్‌ను ఆ కొలతతో చూస్తే గట్టెక్కుతుంది. 454 రాసి 501 ఉంటే పది శాతమే ఎక్కువ. గట్టెక్కినంత మాత్రాన లెక్క సరైపోదు.

లెక్క కుదిరినా మిగిలే ప్రశ్న

అన్నీ కుదిరాయనుకుందాం. అయినా ఆ 100 కిలోకేలరీలూ ఒంటికి పడతాయని లేబుల్ హామీ ఇవ్వలేదు. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో బాదంపప్పు మీద చేసిన అధ్యయనంలో, మనుషులకు తినిపించి మల మూత్రాలు పరీక్షించి చూస్తే, గుణకాల లెక్క అసలు అందే శక్తిని సుమారు 32 శాతం ఎక్కువగా చూపుతోందని తేలింది. గింజ కణాల గోడలు పూర్తిగా చిట్లకపోతే లోపలి కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. గింజ ఎంత మెత్తబడితే అంత ఎక్కువ అందుతుంది. ఇది గుణకాల పద్ధతికే ఉన్న పరిమితి. లేబుల్ రాసినవారిని దీనికి తప్పుపట్టలేం. సరిచూపులో దీన్ని సాకుగా వాడుకోనివ్వనూ కూడదు, ఎందుకంటే లేబుల్ మీద కేలరీలు రాసేది అరుగుదల కొలిచి కాదు, గుణకాలతో హెచ్చించి.

మొత్తం మీద నాకు తేలినది ఇది. బరువు, కేలరీలు, దినుసులు అనే మూడు పరీక్షల్లో ఒకటి వదిలేసిన తప్పును ఇంకోటి పట్టుకుంటుంది కాబట్టి మూడూ చేయాలి, వాటిలో దినుసుల పరీక్షకే బలం ఎక్కువ. తేడా కనిపిస్తే పీచుతో ఎంత, గుణకాలతో ఎంత, గుండ్రంతో ఎంత అని ఒక్కోటి తీసేసి, మిగిలినదానికే జవాబు అడగాలి. నిబంధనలు రాసేవారు పీచు వరుసను తప్పనిసరి చేస్తే, కేలరీల లెక్కలో ఇవాళ మిగులుతున్న సందేహాల్లో పెద్దది తొలగిపోతుంది. తయారీదారులు రెసిపీ కాగితం మీద పచ్చి దినుసుల బరువు పక్కనే తయారైన సరుకు బరువు కూడా రాసి ఉంచుకుంటే, మన నమూనా లేబుల్‌లో పడిన అతుకు ఇక పడదు.